డాక్టర్ సలహా: పుచ్చ గింజలు తినొచ్చు, తొక్కతో మాత్రం వద్దు

ప్రశ్న: మా నాన్నగారికి 66 ఏళ్లు. పుచ్చకాయ గింజలు కడిగి, ఎండబెట్టి, ఉప్పు వేసి వేయించుకుని రోజూ రెండు గుప్పెళ్లు తొక్కతోనే నములుతున్నారు. ఇలా తినొచ్చా? పండు కంటే గింజల్లోనే బలం ఎక్కువంటున్నారు, నిజమేనా? నాలుగు రోజులు ఆయనకు మోషన్ రాలేదు. నిన్నటి నుంచి మాత్రం కొద్దికొద్దిగా నీళ్ల విరేచనాలు అవుతున్నాయి. మెడికల్ షాపులో బిళ్లలు తెచ్చి వేశాం.
- ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: బలం సంగతి తర్వాత చెబుతాను. ముందు ఆ బిళ్లలు ఆపండి. ఈ రోజే నాన్నగారిని డాక్టరుకు చూపించండి.

నాలుగు రోజులు మోషన్ ఆగిపోయి, ఆ తర్వాత నీళ్లలా కొంచెం కొంచెం వస్తుంటే అవి మామూలు విరేచనాలు కాకపోవచ్చు. పుచ్చ గింజ తొక్క మన కడుపులో అరగదు. రోజూ గుప్పెళ్లకొద్దీ తింటే ఆ తొక్కలన్నీ పెద్దపేగు చివర, మలద్వారానికి కాస్త పైన చేరి గట్టి ముద్దలా బిగుసుకుపోతాయి. పైనున్న పల్చటి మలం ఆ ముద్ద పక్క నుంచి కారుతుంది. ఇంట్లోవాళ్లు దాన్ని చూసి విరేచనాలు అనుకుని, కట్టేసే మందు వేస్తారు. అది లోపెరమైడ్ లాంటిదైతే పేగు కదలిక ఇంకా తగ్గి, ముద్ద మరింత బిగుస్తుంది. మీరు తెచ్చిన బిళ్ల ఏమిటో రాయలేదు. అందుకే ఆ స్ట్రిప్ కూడా వెంట తీసుకెళ్లమంటున్నాను.

నా దగ్గరికి ఇలాగే ఒకాయన వచ్చారు. ఆయనకు ఆరో రోజు. మొదట మలబద్ధకమని రెండు పూటలా ఇసబ్గోల్ తాగారు, నీళ్లు మాత్రం సరిగా తాగలేదు. దాంతో లోపల ఇంకా నిండింది. తర్వాత విరేచనం అయ్యేందుకు మందు వేసుకుంటే కడుపులో మెలిపెట్టే నొప్పి వచ్చిందే తప్ప ముద్ద కదల్లేదు. కూర్చుంటే గుచ్చుతోందన్నారు, రెండు చుక్కల రక్తం కూడా పడింది. గ్లవ్ వేసుకుని వేలితో పరీక్ష చేస్తే తొక్కల అంచులు చేతికి తగిలాయి. మత్తు ఇచ్చి తీయాల్సి వచ్చింది. రెండో రోజే వచ్చి ఉంటే ఎనిమాతో పోయేదేమో. చూడకుండా మీ నాన్నగారికి కూడా ఇదేనని చెప్పలేను. కానీ వేలితో చేసే ఆ పరీక్షకు రెండు నిమిషాలు చాలు. సిగ్గుపడి వాయిదా వేయనివ్వకండి. గింజలు తిన్న సంగతి మీరే ముందుగా చెప్పండి, లేకపోతే డాక్టరుకు ఆ ఆలోచన తట్టకపోవచ్చు.

వాంతులు అవుతున్నా, కడుపు ఉబ్బినా, గాలి కూడా పోకపోయినా, జ్వరం ఉన్నా క్లినిక్ తెరిచేదాకా ఆగకుండా నేరుగా పెద్ద ఆసుపత్రికి వెళ్లండి. ఇంట్లో వేలితో తీసే ప్రయత్నం చేయవద్దు, లోపల చీరుకుంటుంది.

ఇక తిండి విషయం. వేయించిన పుచ్చ గింజలు తినదగినవే. తొక్క ఊదేసి, లోపలి పప్పు మాత్రం తినాలి. ముందుపళ్ల మధ్య పెట్టి చిట్లించి తింటే ఎలాగూ ఎక్కువ తినలేరు, అది మంచిదే. పళ్లు బాగాలేని పెద్దవాళ్లు కిరాణా కొట్టులో దొరికే ఒలిచిన పప్పు తెచ్చుకుని సన్నసెగ మీద దోరగా వేయించుకోవచ్చు. ముక్క వాసన వస్తే పారేయండి. ఐదేళ్లలోపు పిల్లలకు ఇవ్వొద్దు, గొంతులో అడ్డుపడుతుంది.

పండుతో పోలిక అంటారా, రెండింటి పనీ వేరు. చిన్న గుప్పెడు పప్పులో, అంటే 30 గ్రాముల్లో, సుమారు 165 క్యాలరీలు, 8 గ్రాముల ప్రొటీన్, 14 గ్రాముల కొవ్వు ఉంటాయి. మెగ్నీషియం కూడా బాగానే ఉంటుంది. 150 గ్రాముల ఎర్రటి గుజ్జులో 45 క్యాలరీలే, ప్రొటీన్ ఒక గ్రాము కూడా ఉండదు. అందులో తొంభై శాతానికి పైగా నీరే. దాంతోపాటు కొంత విటమిన్ సి, ఆ ఎరుపునిచ్చే లైకోపీన్ ఉంటాయి. ప్రొటీన్, కొవ్వు, ఖనిజాలే బలమనుకుంటే గింజలదే పైచేయి. ఎండలో దాహానికి, ఒంట్లో నీటికి మాత్రం పండే కావాలి. పండు మానేసి ఉప్పు గింజలు తింటే నీరు తగ్గి మలం ఇంకా గట్టిపడుతుంది.

మోషన్ మామూలయ్యాక, మీ డాక్టరు సరేనంటే, ఒలిచిన పప్పు రోజుకు ఒక గుప్పెడు మించకుండా ఇవ్వండి. బీపీ ఉంటే ఉప్పు లేకుండా వేయించండి. కిడ్నీ సమస్య ఉంటే వీటిలోని పొటాషియం, ఫాస్ఫరస్ వల్ల ఇబ్బంది రావచ్చు కాబట్టి, ఆ డాక్టరును అడిగే దాకా అసలు మొదలుపెట్టవద్దు.