కొడవలి పట్టినవాడికి ఒసోటో గారి చెప్పక్కర్లేదు

ప్రశ్న: మా క్లాసులో డోజో, కటా, రాండోరి అంటూ అన్నీ జపనీస్ మాటలే. వాటి అసలు అర్థాలు తెలుసుకుంటే కొత్తగా చేరినవాళ్లకి నిజంగా ఏమైనా ఒరుగుతుందా, లేక బట్టీ పడితే చాలా?

ఒరుగుతుంది. కాకపోతే మీరు అడిగిన వాటిలో డోజో అర్థం తెలిసినంత మాత్రాన ఎవడినీ పడగొట్టలేరు. నేను జూడో మనిషిని, కాబట్టి జూడో సంగతే చెప్తాను. కరాటే వాళ్ల గొడవ వాళ్లు చెప్పుకుంటారు.

డోజోని తొందరగా కానిచ్చేస్తాను. 'దో' అంటే దారి, 'జో' అంటే చోటు. బుద్ధుడికి జ్ఞానోదయమైన చోటుని సంస్కృతంలో బోధిమండం అంటారు కదా, దాన్ని చైనావాళ్లు రెండక్షరాల్లో అనువదించుకున్నారు, ఆ రెండక్షరాలే జపాన్‌లో డోజో అయ్యాయి. వినడానికి గొప్పగానే ఉంటుంది. మా డోజో అయితే సాయంత్రం బ్యాడ్మింటన్ వాళ్లు దయతలిచి ఖాళీ చేస్తే మ్యాట్లు పరుచుకునే హాలు. వాళ్లు షూలతో మ్యాట్ల మీద నడుచుకుంటూ పోతుంటే బోధిమండం గురించి ఎవరికి చెప్పుకోవాలి? సరే, అది వేరే ఏడుపు.

నా మటుకు అసలు సరుకంతా పట్ల పేర్లలోనే ఉంది. ఒసోటో గారి అనే పట్టు తీసుకోండి. కొత్తవాళ్లకి మొదట్లోనే నేర్పుతారు. 'ఓ' అంటే పెద్ద, 'సోటో' అంటే బయట, 'గారి' అంటే కోత. కోత అంటే ఏదో పోలికకి అన్నది కాదు, కొడవలితో పైరు కోసే కోతే. ఆ మాట విడిగా ఉన్నప్పుడు 'కారి', ముందు ఇంకో మాట చేరితే 'గారి' అవుతుంది. మనకి ఇది కొత్తేం కాదు. తల్లి, తండ్రి కలిస్తే తల్లిదండ్రులు అయినట్టే. గసడదవాదేశం బళ్లో చదువుకున్న మనవాళ్లే పేర్లు మారిపోతున్నాయని జుట్టు పీక్కుంటుంటే నాకు నవ్వొస్తుంది.

మా దగ్గరికి మిర్యాలగూడ వైపు నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుకునేవాడు, కబడ్డీ ఆడిన ఒళ్లు, పిడికిలి ఇనుము. వాడికి ఒసోటో గారి నేర్పడానికి పడేవాడిగా నన్ను నిలబెట్టారు. వాడు నా చొక్కా పట్టుకుని, ఒక అడుగు అవతలే ఆగి, కుడికాలితో నా కుడి పిక్క మీద ఫుట్‌బాల్ తన్నినట్టు తన్నేవాడు. నేను కదిలేవాడిని కాదు. వాడు ఇంకా గట్టిగా తన్నేవాడు. నాలుగు రోజులకి నా పిక్క వంకాయ రంగుకొచ్చింది. కోచ్ దూరం నుంచి "కాలు ఇంకా పైకి, ఇంకా ఫోర్స్" అని అరుస్తున్నాడు. ఆ కేకలే నా పిక్కని చంపుతున్నాయి.

చివరికి నేనే ఆపి అడిగాను. "మీ ఇంట్లో వరి కోసిన్రా ఎప్పుడన్నా?"

"ఇప్పుడంతా మిషనే కదన్నా. మడి మూలలకు మిషన్ రాదు, గక్కడ మా అమ్మ, నేను కొడవలితోనే కోస్తం."

"ఈ పట్టు పేరు కోత. నీ కుడికాలే కొడవలి. మరి ఎడమ చెయ్యి ఏం చెయ్యాలె?"

వాడు ఒక్క క్షణం ఆలోచించి, గాలిలోనే ఎడమ చేత్తో వరి దుబ్బు పట్టుకుని, బిగించి, కొంచెం వంచి చూపించాడు. "దుబ్బు పట్టకుండ కొడవలేస్తే పైరు పక్కకు వంగుతది గాని తెగదన్నా" అన్నాడు. అంతే. జూడో పుస్తకాలు పేజీలు పేజీలు రాసే 'కుజుషి' మొత్తం ఆ వాక్యంలో ఉంది. కుజుషి అంటే కూల్చడం, మట్టిగోడ విరిగిపడ్డట్టు నిలకడ చెదరగొట్టడం. పట్టు వెయ్యకముందే అవతలివాడి నిలకడ చెదిరిపోవాలి.

మళ్లీ వచ్చాడు. ఈసారి ఎడమ చేత్తో నా కుడి మోచేతి దగ్గర బట్టని తన నడుము వైపు కిందకి లాగి బిగించాడు. కాలర్ పట్టిన కుడి చేత్తో నన్ను నా కుడి మడమ మీదకి తోశాడు. ఎడమ పాదం నా కుడి పాదం పక్కకి తెచ్చి, ఛాతీకి ఛాతీ తగిలేంత దగ్గరికి వచ్చాడు. నా కుడికాలి వేళ్లు మ్యాట్ మీంచి లేచాయి, బరువంతా మడమ మీద పడింది. అప్పుడు వాడి కాలు నా పక్కనుంచి ముందుకెళ్లి, వేళ్లు కిందకి చాచి, నా మోకాలి వెనక నుంచి తనవైపుకి లాగేసింది. కొడవలి లాగినట్టే. తన్ను లేదు, నొప్పి లేదు. నేను వెల్లకిలా.

మీరు చేస్తున్నప్పుడు కూడా చూసుకోవాల్సింది అదే. కాలు వెయ్యబోయే ముందు అవతలివాడి పాదం చూడండి. వేళ్లు తేలి మడమ మీద బరువుంటే కొయ్యండి. పాదం మొత్తం ఆనించి నిలబడి ఉన్నాడంటే మీ చేతుల పని ఇంకా అవ్వలేదు. దూరం నుంచే కాలు చాపారా, మీ ఒళ్లే వెనక్కి వాలుతుంది, వాడు అదే పట్టు మీకే తిప్పికొడతాడు. దానికీ పేరుంది, ఒసోటో గాయేషి. 'గాయేషి' అంటే తిరిగివ్వడం.

ఇంకో సంగతి. పేర్లలో 'గారి' ఉన్న పట్లు, 'హరాయ్' ఉన్న పట్లు వేరు. హరాయ్ అంటే ఊడ్చడం. మాట కలిస్తే 'బరాయ్' అంటారు. దే ఆషి బరాయ్ అంటే ముందుకొస్తున్న కాలుని ఊడ్చేయడం. కోసేది బరువు మోస్తున్న కాలుని, ఊడ్చేది బరువు ఇంకా పూర్తిగా పడని కాలుని. అడుగు మ్యాట్ మీద ఆనబోతున్న ఆ క్షణంలో అరికాలితో చీలమండ దగ్గర తోసెయ్యాలి. బరువు పడ్డాక ఊడ్చబోతే రాయిని ఊడ్చినట్టే, మీ కాలే నొప్పెడుతుంది. ఈ తేడా నాకు ఏ కోచూ నోటితో చెప్పలేదు. రెంటినీ "లెగ్ స్వీప్" అని ఒకే గాటన కట్టేసేవాళ్లు. పేర్లు మాత్రం మొదటి రోజు నుంచే చెప్తున్నాయి.

కోతలో నేను పడ్డాను అన్నాను కదా, ఆ పడడానికీ పేరుంది: ఉకెమి. 'ఉకె' అంటే స్వీకరించడం, 'మి' అంటే ఒళ్లు. ఒసోటో గారిలో మనిషి వెనక్కి పడతాడు కాబట్టి తల వెనక భాగానికే ముప్పు. జపాన్ బడుల్లో జూడో తల గాయాల గురించి మాట్లాడినప్పుడల్లా ఈ పట్టు పేరు వస్తుంది. గడ్డం ఛాతీకి ఆనించి, కళ్లు బెల్టు ముడి మీద పెట్టి, చేతులు పక్కలకి చాచి అరచేతులతో మ్యాట్‌ని కొట్టాలి. ఇది రానివాడి మీద ఒసోటో గారి వెయ్యకూడదు, వాడు ఎంత బతిమాలినా సరే.

ఇక్కడ ఒక మాట అనకుండా ఉండలేను. మన ఊళ్లలో బెల్టు పరీక్షలని పెడతారు. పిల్లలు "ఇచి, ని, సాన్" అని జపనీస్ అంకెలు పదిదాకా గడగడా అప్పజెప్పాలి, సంబోధనలు తప్పు లేకుండా పలకాలి, ఫీజు కట్టాలి, పసుపు బెల్టు తీసుకోవాలి. గారి అంటే ఏమిట్రా అని ఒక్కడిని అడగండి. గౌరవవాచకం అనుకుంటారు. నిజంగానే ఒకడు "ఒసోటో అనే పెద్దాయన సార్" అన్నాడు నాతో. పిల్లాడి తప్పేముంది?

సరే, ముందే అనుకున్న వరసలో పట్లు వేసే కటా, ఏ వరసా లేకుండా పట్టులాడే రాండోరి. 'కటా' అంటే ఆకారం, దాన్నే ఇంకో అక్షరంతో రాస్తే పోతపోసే అచ్చు. రాండోరిలో 'రాన్' అంటే గందరగోళం, 'తోరి' అంటే పట్టుకోవడం. కటాలో పట్టు వేసేవాణ్ణి కూడా తోరి అనే అంటారు, పడేవాణ్ణి ఉకె అంటారు. ఎవరు ఎవరో ముందే తేలిపోయి ఉంటుంది. రాండోరిలో ఆ పంపకం ఉండదు, ఇద్దరూ తోరిలే అవ్వాలని చూస్తారు, ఎవరో ఒకరు ఉకె అయిపోతారు. 1882లో టోక్యోలోని ఎయిషోజి గుడిలో పన్నెండు చాపల జాగాలో జిగోరో కానో జూడో మొదలుపెట్టాడు. ప్రమాదకరమైన దెబ్బల్ని రాండోరిలోంచి తీసేసి కటాలో మాత్రం ఉంచాడు. అందుకే రాండోరిలో పూర్తి బలంతో పట్టుకోవచ్చు.

కొత్తవాళ్లు రాండోరి అనగానే చేతులు కర్రల్లా బిగించి, నడుం వంచి, ఎద్దుల్లా తలలు ఆనించుకుంటారు. ఎవరూ పడరు, ఇద్దరూ అలిసిపోతారు. ఆ పేరులోని గందరగోళాన్ని రాకుండా చెయ్యడానికే వాళ్ల బలమంతా పోతుంది. చేతులు వదులు చేసి, నడిచి, నాలుగుసార్లు పడితేనే అవతలివాడి బరువు ఏ కాలి మీద ఉందో తెలుస్తుంది.

కటా దండగ అనేవాళ్లు మా క్లబ్బులోనూ ఉన్నారు. వాళ్లకి పడగొట్టే పట్ల కటా అయిన నాగే నో కటాలో మొట్టమొదటి పట్టు, ఉకి ఒతోషి, చూపిస్తాను. తోరి వెనక్కి నడుస్తూ మూడో అడుగులో ఒక మోకాలి మీద కూర్చుని చేతులతో లాగుతాడు. కాలు తగలదు, నడుం తగలదు, అయినా ఉకె ఎగిరి పడతాడు. పోటీలో ఎవడూ మోకాలి మీద కూర్చుని ఇలా వెయ్యడు, నిజమే. కానీ మా మిర్యాలగూడ కుర్రాడు ఎడమ చేత్తో చేసిన పని ఒక్కటే, కాలు అనే కొడవలి లేకుండా, అందులో ఉంటుంది.

అర్థాలు పట్టుకుని మరీ ఊగిపోకండి. అదే కటాలో మూడో పట్టు పేరు కటా గురుమా. కటా అంటే అచ్చు అన్నాను కాబట్టి అచ్చు చక్రం అనుకునేరు. ఆ కటా వేరు, దానికి భుజం అని అర్థం, జపనీస్‌లో రాసే అక్షరమే వేరు. మనిషిని భుజాల మీద అడ్డంగా ఎత్తుకుని చక్రంలా తిప్పి పడెయ్యడం. దాన్ని పాత పద్ధతిలో చేతులతో కాళ్లు పట్టి ఎత్తడం 2010 నుంచి మారుతూ వచ్చిన అంతర్జాతీయ నియమాల వల్ల పోటీల్లో పోయింది, కటాలో మాత్రం అలాగే వేస్తారు. కాబట్టి మీ క్లాసులో కొత్త పట్టు పేరు విన్నప్పుడు చివరి ముక్క ఏమిటో అడగండి. గారి, హరాయ్, గురుమా, ఒతోషి. వీటిలో ఒతోషి అంటే కిందకి పడేయడం. ఒళ్లు ఏం చెయ్యాలో ఆ చివరి ముక్కే చెప్తుంది. మీ సార్‌కి తెలియకపోతే పక్క క్లబ్బు సీనియర్‌ని అడగండి, మొహమాటపడకుండా.