గిట్టుబాటు వేరు, సరికి సరి వేరు

ప్రశ్న: అయ్యా, కావలిలో మా బావగారి భోజన హోటల్ ఉంది. ఆయన ఆడిటర్ ఇచ్చిన లాభనష్టాల పట్టికను తెలుగులో రాస్తున్నాను. ప్రైమ్ కాస్ట్‌ను 'ప్రధాన ఖర్చు' అనొచ్చా? బ్రేక్ ఈవెన్ కవర్స్‌ను 'గిట్టుబాటు కవర్లు' అంటే తప్పా? పట్టిక జతచేశాను.

జవాబు: 'ప్రధాన ఖర్చు' అంటే చదివేవారు అద్దెనూ అందులో కలిపేస్తారు. ప్రైమ్ కాస్ట్‌లో ఉండేవి రెండే: వంట సరుకు, పనివాళ్ల జీతాలు. అందుకని 'సరుకు–జీతాల ఖర్చు' అని విప్పి రాయండి.

ఇక్కడ 'ఖర్చు' అన్న మాట జాగ్రత్తగా చూడాలి. తెలుగులో డబ్బు ఖర్చవుతుంది, బియ్యమూ ఖర్చవుతాయి. పట్టికకు కావలసింది ఈ రెండో అర్థం. మీ బావగారు ఆ నెల 4,30,000 రూపాయల సరుకు కొన్నారు. నెల మొదట్లో స్టోర్‌లో 50,000 సరుకుంది, చివర్లో 1,20,000 మిగిలింది. అంటే ఖర్చయింది 3,60,000. దానికి జీతాలు 1,98,000 కలిపితే 5,58,000. అమ్మకం 9,00,000 కాబట్టి 62 శాతం. హోటల్ వాళ్లు మామూలుగా 60 నుంచి 65 మధ్య ఉంటే ఫర్వాలేదంటారు. మీరు కొన్నదంతా ఖర్చుగా రాయడంతో 70 దాకా వెళ్లింది. వంటమాస్టర్‌ని అనవసరంగా అనుమానించే లెక్క అది!

కవర్ అంటే బిల్లు కాదు, తిన్న మనిషి. నలుగురు ఒకే బిల్లు కట్టినా నాలుగు కవర్లే. మనకి దీనికి చక్కని మాట ఉంది. పెళ్లిలో "ఎన్ని విస్తళ్లు లేచాయి?" అని అడగమూ? 'విస్తరి' అనండి.

ఇక గిట్టుబాటు. ఒంగోలు పొగాకు వేలం కేంద్రంలో రైతు గిట్టుబాటు ధర కావాలంటే, పెట్టుబడి వెనక్కొస్తే చాలని కాదు, చేతిలో నాలుగు రూపాయలు మిగలాలని. బ్రేక్ ఈవెన్‌లో మిగిలేదేమీ ఉండదు. ఆ మాటకు 'సరికి సరి' నప్పుతుంది.

మీ పట్టికలో విస్తరికి సగటు రాబడి 150. సరుకు 60, గ్యాసు, ఆకు వగైరా 10 పోతే 80 మిగులుతుంది. మనుషులు వచ్చినా రాకపోయినా కట్టాల్సినవి జీతాలు 1,98,000, అద్దె 81,000, మిగతావి 81,000, వెరసి 3,60,000. దాన్ని 80తో భాగిస్తే 4,500. నెలకు 30 రోజులనుకుంటే రోజుకు 150 విస్తళ్లు లేస్తే సరికి సరి. ఇప్పుడు 200 లేస్తున్నాయి, నెలకు 1,20,000 మిగులుతోంది.

అద్దె శాతాన్నీ దీంతో కలిపి చదవాలి. ఇప్పుడు అమ్మకంలో 9 శాతమే. విస్తళ్లు 150కి పడితే అమ్మకం 6,75,000 అవుతుంది, అద్దె మాత్రం రూపాయి తగ్గదు, 12 శాతమైపోతుంది. కాబట్టి పట్టికలో 'అద్దె 9 శాతం' అని వదిలేయకుండా, పక్కనే 'రోజుకు 200 విస్తళ్ల మీద' అని రాయండి.