రెండు మూడు గాఢమైన రంగులు కలిపి వేసుకుంటే వేషం కట్టినట్టు ఉంటోంది, ఏం చేయాలి?

ప్రశ్న: నాకు గాఢమైన రంగులంటే ప్రాణం. కానీ రెండు మూడు కలిపి కలర్ బ్లాకింగ్ చేస్తే నాటకానికి తయారైనట్టు ఉన్నానని ఇంట్లో అంటున్నారు. తప్పు ఎక్కడ జరుగుతోంది?

జవాబు:

నాకూ ఇదే జరిగిందండీ. ఒక మీటింగ్‌కి ఎర్ర టాప్, కోబాల్ట్ బ్లూ ప్యాంటు, పైన నిండు పసుపు పొట్టి జాకెట్ వేసుకుని వెళ్లాను. గుమ్మం దగ్గర ఒకాయన నన్ను అక్కడి సిబ్బంది అనుకుని, ఎక్కడ కూర్చోవాలని అడిగారు. చాలా బాధేసింది. ఇంటికొచ్చాక ఆ మూడింటినీ మంచం మీద, ఒంటికి వేసుకున్న క్రమంలోనే పరిచి, చాలాసేపు చూశాను. విడివిడిగా చూస్తే ఏ ఒక్కటీ చెడ్డగా లేదు.

ఫోన్‌తో ఫోటో తీసి బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చాక సంగతి తెలిసింది. ఎరుపు, నీలం రెండూ ఇంచుమించు ఒకే బూడిద రంగులో ఉన్నాయి. అంటే రంగులు వేరైనా వాటి ముదురుతనం ఒకటే. అలాంటి రెండు గాఢమైన రంగులు పక్కపక్కన పడితే కలిసే గీత దగ్గర కళ్లు చెదురుతాయి, చూపు ఎక్కడ ఆగాలో తెలియదు. అప్పటి నుంచి కొత్త జత వేసుకునే ముందు ఈ ఫోటో తప్పకుండా తీస్తాను. రెండు బట్టల మధ్య ముదురు, లేత తేడా స్పష్టంగా కనిపిస్తేనే ఆ జత ఉంచుకుంటాను. ఫోటో మాత్రం పగటి వెలుతురులో, కిటికీ దగ్గర తీయండి. పసుపు కాంతి బల్బు కింద నీలం ఉన్నదానికంటే ముదురుగా కనిపిస్తుంది.

రెండో తప్పు కొలతల్లో ఉంది. టాప్ సగం, ప్యాంటు సగం. దానికితోడు జాకెట్ కూడా సరిగ్గా నడుం దగ్గరే ఆగింది. మూడు రంగులూ ఒకే గీత మీద తెగడంతో ఒంటిని అడ్డంగా రెండు ముక్కలు చేసినట్టు కనిపించింది. పైగా ఎరుపు, పసుపు, నీలం మూడూ స్వచ్ఛమైన మూల రంగులు. బొమ్మల మీద, సూచిక బోర్డుల మీద, ఆటల జట్ల యూనిఫాంల మీద రోజూ చూసేవే కాబట్టి చూసేవాళ్లకు ముందు అవే గుర్తొస్తాయి. జాకెట్ మెరిసే శాటిన్ కావడం వల్ల ఆ పసుపు ఇంకా రెట్టింపైంది. గాఢమైన రంగుకి మెరుపు లేని కాటన్, లినెన్, ఉన్ని లాంటి గుడ్డే నయం అని నా అభిప్రాయం.

ఇక ఎలా సరిచేశానంటే, కోబాల్ట్ ప్యాంటు అలాగే ఉంచాను. అది హై వెయిస్ట్ కాబట్టి టాప్ లోపలికి టక్ చేస్తే ఒంట్లో మూడింట రెండు వంతులు నీలమే అవుతుంది. ఎరుపు స్థానంలో కనకాంబరం రంగు కాటన్ టాప్ తీసుకున్నాను. బ్లాక్ అండ్ వైట్‌లో అది నీలం కంటే బాగా లేతగా వచ్చింది. పసుపుని ఆవాల పసుపుకి దించి చెప్పులకే పరిమితం చేశాను. మూడు రంగులూ ఉన్నాయి, కానీ ఒకటి పెద్దది, ఒకటి మధ్యస్థం, ఒకటి చిన్నది.

ఇక్కడ ఒక జాగ్రత్త. మొదట కొన్న కనకాంబరం టాప్ షాపులో చక్కగా ఉంది, ఇంట్లో నీలం పక్కన పెట్టేసరికి మండిపోయింది. దీనికి కారణం చాలా పాతదే. మిషెల్ యూజీన్ షెవ్రూల్ అనే ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త పారిస్‌లోని గోబెలిన్స్ నేత కర్మాగారంలో రంగుల అద్దకం పనులు చూసుకునేవారు. కొన్ని దారాల నలుపు వెలసినట్టుందని ఫిర్యాదులొస్తే పరిశీలించి, లోపం అద్దకంలో లేదని, పక్కనున్న రంగుల వల్లే అలా కనిపిస్తోందని గ్రహించారు. 1839లో దాని మీద పెద్ద పుస్తకమే రాశారు. రంగుల చక్రంలో ఎదురెదురుగా ఉండే నీలం, నారింజ లాంటి రంగులు పక్కపక్కన ఉంటే ఒకదాన్నొకటి ఇంకా గాఢంగా చూపిస్తాయి. కాబట్టి అలాంటి జతలో రెండో రంగుని మీకు నచ్చిన దానికంటే ఒక మెట్టు తక్కువ గాఢతలో తీసుకోండి. కుదిరితే ప్యాంటుని వెంట తీసుకెళ్లి, దాని పక్కన పెట్టి చూసి కొనండి. నేను రెండోసారి అలాగే చేశాను.

మధ్యలో నల్ల బెల్టు పెడితే ఈ ఇబ్బంది తగ్గుతుందని కొందరంటారు. నేను పెట్టి చూశాను, బొమ్మకి అంచు గీసినట్టు విభజన ఇంకా కొట్టొచ్చినట్టు కనిపించింది, తీసేశాను. నగలదీ అదే కథ. మొదటిరోజు నీలం కమ్మలు, పసుపు క్లిప్పు, ఎర్ర గాజులు అన్నీ మ్యాచింగ్ పెట్టుకున్నాను. ఇప్పుడు ఆ జత వేసిన రోజు చిన్న వెండి దుద్దులు తప్ప ఏమీ పెట్టుకోను.