డాలర్ల ఎక్సెల్‌లో రూపాయల లక్షలు, కోట్లు: విలువ కదలకుండా చూపు మార్చడం

అమెరికాకో, కెనడాకో కొత్తగా వచ్చినవాళ్లకు మొదటి ఏడాదిలోనే ఎదురయ్యే చిక్కు ఇది. ఇండియాలో ఉన్న ఎఫ్‌డీలు, ఎన్నార్వో ఖాతా, ఊళ్లో ప్లాటు అమ్మిన డబ్బు అన్నీ ఒక ఎక్సెల్ షీటులో రాసుకుంటారు. కోటీ ఇరవైమూడు లక్షల చిల్లర అక్కడ 12,345,678 అని కనిపిస్తుంది. నాన్నగారితో ఫోన్లో మాట్లాడుతూ ఆ సంఖ్యను చదవాలంటే సున్నాలు, కామాలు మళ్లీ లెక్కపెట్టుకోవాలి. విసుగొచ్చి చాలామంది అన్నిటినీ లక్షతో భాగించి 123.46 అని రాసేసుకుంటారు. అసలు తప్పు అక్కడ మొదలవుతుంది.

ఎందుకు తప్పో ఒక లెక్కతో చూద్దాం. అమెరికాలో ఉన్నవాళ్లకు విదేశీ ఖాతాల మొత్తం ఏడాదిలో ఎప్పుడైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అనే విదేశీ ఖాతాల నివేదిక దాఖలు చేయాలి. అందులో ఒక్కో ఖాతా గరిష్ఠ విలువను డాలర్లలోకి మార్చి, సెంట్లు ఉంటే పై డాలరుకు పెంచి రాయాలి. మీ ఎఫ్‌డీ 12,34,567 రూపాయలు, మారకం రేటు 85 అనుకుందాం. భాగిస్తే 14,524.32 వస్తుంది, ఫారంలో 14,525 రాస్తారు. అదే ఎఫ్‌డీని మీరు 12.35 లక్షలుగా దిద్ది ఉంటే, 12,35,000ను భాగించినట్టవుతుంది. ఫారంలో 14,530 పడుతుంది. సెల్‌లో ఉత్త 12.35 మాత్రమే ఉంటే డాలర్ల ఫార్ములా 0.15 చూపిస్తుంది. అందుకే సెల్‌లో 1234567 అలాగే ఉండాలి, కంటికి కనిపించేది మాత్రమే మారాలి. ఎక్సెల్‌లో కస్టమ్ నంబర్ ఫార్మాట్ చేసేది సరిగ్గా ఆ పనే.

ముందు ఒక అపోహ తీసేయాలి. ఫార్మాట్ జాబితాలో రూపాయి గుర్తు ఎంచుకుంటే కామాలు కూడా మన పద్ధతిలో పడతాయని అనుకుంటారు. పడవు, గుర్తు ఒక్కటే మారుతుంది. మామూలు ఫార్మాట్‌లో కామాలు ఎక్కడ పడాలో ఎక్సెల్ విండోస్ రీజియన్ సెట్టింగ్ నుంచి తీసుకుంటుంది. అది ఇండియా అని మారిస్తే 1,23,45,678 అని వస్తుంది, నిజమే. కానీ అప్పుడు మీ ఆఫీసు డాలర్ల షీట్లలో కూడా మిలియన్ 10,00,000 అయిపోతుంది, తేదీల వరుస కూడా మారుతుంది. పైగా అది మీ కంప్యూటర్‌కే పరిమితం. అదే ఫైలును అమెరికా సెట్టింగ్ ఉన్న మీ టాక్స్ సలహాదారుకు పంపితే ఆయనకు మళ్లీ 12,345,678 అనే కనిపిస్తుంది. ఫార్మాట్‌ను సెల్‌లోనే పెడితే ఫైలుతో పాటే వెళ్తుంది.

రూపాయల సెల్స్ ఎంచుకుని Ctrl+1 నొక్కండి, మ్యాక్‌లో అయితే Command+1. Number ట్యాబ్‌లో చివరనున్న Custom ఎంచుకుని, Type పెట్టెలో ఉన్నదాన్ని చెరిపి ఇది అతికించండి:

```
[>=10000000]##\,##\,##\,##0;[>=100000]##\,##\,##0;#,##0
```

సెమీకోలన్లు దీన్ని మూడు ముక్కలు చేస్తున్నాయి. విలువ కోటి, ఆపైన ఉంటే మొదటి ముక్క, లక్ష, ఆపైన ఉంటే రెండోది, మిగతావన్నీ మూడోది. కామా ముందున్న బ్యాక్‌స్లాష్ కీలకం. అది లేకపోతే ఎక్సెల్ ఆ కామాను వేల కామాగా భావించి తన పద్ధతిలో మూడేసి అంకెలకు వేసుకుంటుంది. బ్యాక్‌స్లాష్ ఉంటే అది ఉత్త అక్షరం, మీరు పెట్టిన చోటే ఉంటుంది. లక్షలోపు కామాలు రెండు పద్ధతుల్లోనూ ఒకటే కాబట్టి మూడో ముక్కకు ఆ అవసరం లేదు. పైసలు కూడా కావాలంటే ప్రతి ముక్క చివర .00 చేర్చండి. ఇదే ఫార్మాట్ గూగుల్ షీట్స్‌లోనూ పనిచేస్తుంది.

జర్మనీలో ఉన్నవాళ్లకు ఒక మాట. అక్కడి సెట్టింగ్‌లో వేలకు చుక్క, దశాంశానికి కామా వాడతారు కాబట్టి, Type పెట్టెలో మూడో ముక్కను #.##0 అని కొట్టాలి. బ్యాక్‌స్లాష్ ఉన్న కామాలు మాత్రం అలాగే ఉంచండి.

కామాలు సరిపోవు, 12.35 లక్షలు అనే కనిపించాలి అంటే కాస్త యుక్తి కావాలి. ఫార్మాట్ చివర కామా పెడితే ఎక్సెల్ చూపించే సంఖ్యను వెయ్యితో భాగిస్తుంది, రెండు పెడితే పది లక్షలతో. లక్షకు ఐదు సున్నాలు, కోటికి ఏడు. మూడేసి చొప్పున పోతే ఈ రెండింటికీ సరిగ్గా చేరలేం. కాబట్టి వెయ్యితో భాగించి, మిగిలిన సున్నాల లెక్కకు మనమే ఒక చుక్కను అక్షరంగా పెట్టేస్తాం:

```
[>=10000000]0\.0000," కోట్లు";[>=100000]0\.00," లక్షలు";#,##0
```

1234567ను వెయ్యితో భాగిస్తే 1234.567, దగ్గరి పూర్ణసంఖ్య 1235. చివరి రెండంకెల ముందు చుక్క పడి 12.35 లక్షలు అవుతుంది. 12345678 ఇదే దారిలో 12346 అయి, చివరి నాలుగంకెల ముందు చుక్కతో 1.2346 కోట్లు అని కనిపిస్తుంది. సెల్ మీద క్లిక్ చేసి పైన ఫార్ములా బార్‌లో చూడండి, అక్కడ పూర్తి సంఖ్య చెక్కుచెదరకుండా ఉంటుంది.

కోట్లకు నాలుగు దశాంశాలు ఎందుకని అడుగుతారు. ఈ యుక్తితో కోట్లకు చెప్పుకోదగ్గ ఎంపికలు రెండే, ఒక దశాంశం లేదా నాలుగు. రెండు కామాలతో 0\.0,, అని రాస్తే 1.2 కోట్లు అని పొందిగ్గా వస్తుంది గానీ, అందులో ఐదు లక్షల దాకా తేడా దాగుతుంది. ఉదాహరణకు సేవింగ్స్‌లో 4,85,320, ఎఫ్‌డీ 12,34,567, ప్లాటు డబ్బు 1,23,45,678 ఉన్నాయి. మొత్తం 1,40,65,565. ఒక దశాంశంతో చూపిస్తే వరుసల్లో 4.85 లక్షలు, 12.35 లక్షలు, 1.2 కోట్లు, కింద మొత్తం 1.4 కోట్లు. చేత్తో కూడితే 1.37 వస్తుంది, షీటు తప్పిందని అనుమానం పుడుతుంది. నాలుగు దశాంశాలతో మొత్తం 1.4066 కోట్లు, లక్షలైనా కోట్లైనా ఖచ్చితత్వం వెయ్యి రూపాయల దగ్గరే ఆగుతుంది, వరుసలు మొత్తంతో పొసుగుతాయి. నా సలహా నాలుగే.

రెండు దశాంశాలే కావాలని పట్టుబడితే శాతం గుర్తు దారి ఉంది. శాతం గుర్తు చూపును వందతో హెచ్చిస్తుంది, మూడు కామాలు వంద కోట్లతో భాగిస్తాయి, కలిపితే కోటితో భాగించినట్టే. Type పెట్టెలో 0.00,,, కొట్టి, Ctrl+J నొక్కి, % కొట్టాలి. Ctrl+J వల్ల శాతం గుర్తు రెండో లైనులోకి పోతుంది. తర్వాత సెల్‌కు Wrap Text, Top Align పెట్టి, వరుస ఎత్తును ఒక లైనుకే బిగించాలి. Top Align మరిచిపోతే సంఖ్య మాయమై శాతం గుర్తొక్కటే కనిపిస్తుంది. వరుస ఎత్తు ఎవరైనా మార్చినా గుర్తు బయటపడుతుంది. నలుగురు తెరిచే ఫైలులో దీన్ని పెట్టొద్దు.

ఫార్మాట్‌లో లక్షలు, కోట్లు అని తెలుగులోనే రాయమనడానికి కారణం ఉంది. కోటికి Cr అని పెడితే, బ్యాంక్ స్టేట్‌మెంట్లలో అదే Cr జమకు గుర్తు. రెండూ పక్కపక్కనే ఉన్న షీటులో చదివేవాళ్లు పొరబడతారు.

ఇక అప్పుల సంగతి. హోమ్ లోన్ బాకీని మైనస్‌లో రాసుకునేవాళ్లకు పై రెండు ఫార్మాట్లూ పనిచేయవు. -4560000 అనేది కోటి కంటే, లక్ష కంటే చిన్నదే కదా, కాబట్టి మూడో ముక్కలో పడి -4,560,000 అనే చూపిస్తుంది. ఎక్సెల్ ఒక ఫార్మాట్‌లో రెండు షరతులే ఒప్పుకుంటుంది, మైనస్‌లకు చోటు లేదు. దీనికి కండిషనల్ ఫార్మాటింగ్ వాడాలి. రూపాయల కాలమ్ B2 నుంచి మొదలైతే ఆ సెల్స్ ఎంచుకుని, Conditional Formatting, New Rule, Use a formula వరుసలో వెళ్లి మొదటి ఫార్ములా ఇవ్వండి:

```
=B2<=-10000000
=B2<=-100000
```

Format నొక్కితే అక్కడా Number ట్యాబ్ ఉంటుంది. Custom కింద ##\,##\,##\,##0 ఇవ్వండి. రెండో ఫార్ములాకు మరో రూల్ చేసి ##\,##\,##0 ఇవ్వండి. ఒకే ముక్క ఉన్న ఫార్మాట్ కాబట్టి మైనస్ గుర్తు దానంతటదే వస్తుంది. Manage Rules లో కోటి రూల్ పైన ఉండేలా చూసుకోండి. గూగుల్ షీట్స్ కండిషనల్ ఫార్మాటింగ్‌లో నంబర్ ఫార్మాట్ మార్చే వీలు లేదు, అక్కడ అప్పును ప్లస్‌లోనే వేరే కాలమ్‌లో రాసుకోవడం మేలు.

ఫార్మాట్ పెట్టినా ఏమీ మారకపోతే ఆ సెల్‌లో ఉన్నది సంఖ్య కాదు, అక్షరాలు. స్టేట్‌మెంట్ నుంచి కాపీ చేసినప్పుడు వెనకాల ఖాళీయో, Cr అనో అతుక్కుని వస్తుంది. సెల్‌లో ఎడమ వైపుకు ఒదిగి ఉండటం దానికి ఆనవాలు. పక్క సెల్‌లో =ISNUMBER(B2) అని వేస్తే FALSE వస్తుంది. Ctrl+H తో కామాలు, Cr, ఖాళీలు తీసేశాక TRUE రావాలి. అలా శుభ్రం చేయకపోతే SUM ఆ వరుసను చడీచప్పుడు లేకుండా వదిలేస్తుంది.

హద్దు దగ్గర ఒక వింత కనిపిస్తుంది. 99,99,600 రూపాయలు కోటికి తక్కువే కాబట్టి లక్షల ముక్కలోకి వెళ్తుంది, కానీ పూర్ణం చేశాక 100.00 లక్షలు అని కనిపిస్తుంది. షరతు నిజమైన విలువను చూస్తుంది, చూపును కాదు. విలువ సరైనదే, కంగారు పడక్కర్లేదు.

నిజంగా నష్టం చేసేవి రెండు. ఫైలును CSV గా సేవ్ చేస్తే ఎక్సెల్ కనిపించేదాన్నే రాస్తుంది: 1234567 బదులు 12.35 లక్షలు అన్న అక్షరాలు వెళ్తాయి, మిగిలిన రూపాయలు పోతాయి. ఈమెయిల్‌లోకి కాపీ చేసినా అంతే. CSV చేసేముందు ఆ కాలమ్‌ను General కు మార్చండి, అసలు ఫైలును xlsx గా విడిగా ఉంచుకోండి. రెండోది, ఎక్సెల్ Options లో Advanced కింద ఉండే Set precision as displayed. అది టిక్ చేస్తే కనిపించే మేరకే విలువలను శాశ్వతంగా కత్తిరిస్తుంది, టిక్ తీసేసినా పాత అంకెలు తిరిగి రావు. ఎవరిదైనా ఫైలు మీ చేతికొస్తే, లెక్కలు మొదలుపెట్టకముందే ఆ టిక్ ఉందేమో చూడండి.