43 కిలోలు తగ్గాను... సర్జరీ సంగతి పెళ్లికొడుక్కి చెప్పాలా?

"నా వయసు 28. మాది రాజమండ్రి, ఉద్యోగం హైదరాబాద్‌లో. 14 నెలల క్రితం స్లీవ్ సర్జరీ చేయించుకున్నాను. 112 కిలోల నుంచి 69కి వచ్చాను. ఈ విషయం అమ్మానాన్నలకి, అన్నయ్యకి తప్ప ఎవరికీ తెలీదు. జిమ్‌కెళ్లి తగ్గానని అందరికీ చెప్పుకొచ్చాం. ఇప్పుడో సంబంధం కుదిరేలా ఉంది. అబ్బాయి నచ్చాడు, రోజూ ఫోన్లో మాట్లాడుకుంటున్నాం. వచ్చే నెల తాంబూలాలు, ఆ తర్వాత మూడు నెలలకు పెళ్లి అంటున్నారు. కానీ నా పొట్ట మీద, చేతుల కింద చర్మం వేలాడుతోంది. మడతల్లో దురద. అద్దంలో ఇంకా ఆ పాత మనిషే కనిపిస్తోంది. జుట్టు కూడా ఊడుతోంది, మాత్రలు ఎప్పుడో మానేశాను. పెళ్లిలోపు ఆ చర్మం తీయించేసుకుందామా అనిపిస్తోంది. అమ్మేమో 'ఏమీ చెప్పకు, పెళ్లయ్యాక అన్నీ అవే సర్దుకుంటాయి' అంటోంది. చెప్పాలా? చెప్పాలంటే ఎలా?"
- ఒక సోదరి

చెప్పండి. అతనొక్కడికే చెప్పండి, తాంబూలాలకు ముందే చెప్పండి.

మీ బరువు చరిత్ర లోకానికంతటికీ చెప్పాల్సిన పని లేదు. ఆఫీసులో వాళ్లకి, పక్కింటి వాళ్లకి జిమ్ అని చెప్పారంటే అది మీ ఇష్టం, అందులో నాకు తప్పేమీ కనిపించడం లేదు. కానీ మీతో ఒకే ఇంట్లో బతకబోయే మనిషి దగ్గర ఇది దాగదు. స్లీవ్ సర్జరీలో కడుపులో మూడొంతులకు పైగా కోసి తీసేస్తారు, అది మళ్లీ పెరగదు. పెళ్లయిన వారంలోనే అత్తగారు విస్తరి నిండా వడ్డిస్తారు. మీరు గుప్పెడు అన్నం తిని చెయ్యి కడుక్కుంటారు. "ఏమ్మా, మా వంట నచ్చలేదా?" అంటారు. మొహమాటానికి ఇంకో రెండు ముద్దలు తింటే వాంతి అవుతుంది. కొత్త కోడలికి వాంతులంటే ఇంట్లో వాళ్లు ఏమనుకుంటారో మీకు చెప్పక్కర్లేదు. పొట్ట మీద ల్యాప్రోస్కోపీ మచ్చలు నాలుగైదు ఉంటాయి. విటమిన్ మాత్రలు జీవితాంతం వాడాలి. రేపు గర్భం వస్తే మొదటి రోజే డాక్టరమ్మకి ఈ ఆపరేషన్ గురించి చెప్పి తీరాలి, అప్పుడు పక్క కుర్చీలో మీ భర్త ఉంటాడు. అతనికి ఆ సంగతి మొదటిసారి అక్కడ తెలిస్తే, ఆపరేషన్ కన్నా దాచిపెట్టారన్నదే పెద్ద విషయమైపోతుంది.

పిల్లల మాట వచ్చింది కాబట్టి ఒకటి. ఈ సర్జరీ తర్వాత ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా గర్భం వద్దని డాక్టర్లు చెబుతారు. బరువు వేగంగా తగ్గే కాలం అది, బిడ్డకు అందాల్సిన పోషకాలు అందకపోవచ్చు. మీ పెళ్లి నాటికి ఆ గడువు దాదాపు తీరిపోతుంది. అయినా మీ ఒంట్లో ఐరన్, బి12 ఎంత ఉన్నాయో చూసుకోకుండా ముందుకెళ్లొద్దు.

ఇక జుట్టు సంగతి. సర్జరీ అయిన మూడు నాలుగు నెలలకు జుట్టు ఊడటం మామూలే. ఒక్కసారిగా బరువు తగ్గిన ఒళ్లు తట్టుకోలేక చేసే పని అది. సాధారణంగా ఏడాది తిరిగేసరికి ఆగి, కొత్త వెంట్రుకలు వస్తాయి. మీకు 14 నెలలు దాటినా ఊడుతోందంటే దాన్ని మామూలు అని వదిలేయలేం. మాత్రలు మానేశానని మీరే రాశారు. ఈ వారంలోనే ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెర్రిటిన్, బి12, విటమిన్ డి, థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించి, మీకు సర్జరీ చేసిన డాక్టరుకే చూపించండి. నూనెలకీ షాంపూలకీ డబ్బు పోయకండి.

దీనితో పాటు మీ కంచం కూడా ఓసారి చూసుకోండి. ఈ సర్జరీ అయిన వాళ్లకి రోజుకు 60 నుంచి 80 గ్రాముల ప్రొటీన్ కావాలంటారు. ఒక గుడ్డులో ఉండేది 6 గ్రాములే. చిన్న గిన్నెడు పప్పులోనూ అంతకు కాస్త అటూ ఇటుగా ఉంటుంది. ఉన్న కాస్త చోటూ అన్నం, చారుతో నిండిపోతే ప్రొటీన్‌కి చోటెక్కడ? కాబట్టి మన అలవాటు తిరగేయాలి. ముందు గుడ్డో, చికెనో, పనీరో, గట్టి పప్పో తినేసి, చివర్లో చోటుంటే రెండు ముద్దలు అన్నం. పెళ్లి దగ్గర పడుతోంది కదా, ఇంకో నాలుగు కిలోలు తగ్గుదామని ఒక పూట మానేసే ఆలోచన ఉంటే మాత్రం అది ఇప్పుడే వదిలేయండి. తిన్నది నిలవకుండా రోజుల తరబడి వాంతులవుతుంటే ఇంట్లో కూర్చోవద్దు. విటమిన్ బి1 పడిపోయి నరాలకు దెబ్బ తగిలే ప్రమాదం ఉంది.

చర్మం గురించి నిజం చెబుతాను, వినడానికి బాగోకపోయినా. ఏళ్ల తరబడి సాగిన చర్మం ఏ క్రీముకీ, ఏ మసాజుకీ వెనక్కి రాదు. బరువులెత్తే వ్యాయామం చేస్తే లోపల కండ పెరిగి చేతులు కాస్త నిండుగా కనబడతాయి, అంతే. తీయించుకోవాలంటే ఆపరేషనే దారి, అది చిన్నదేమీ కాదు. పొట్టకైతే ఈ తుంటి నుంచి ఆ తుంటి దాకా కోత, లోపల చేరే నీరు బయటికి పోవడానికి కొన్నాళ్లు డ్రెయిన్ గొట్టాలు, వారాల తరబడి బిగుతు బెల్టు. ఆ మచ్చ లేతబడటానికి ఏడాది పైనే పడుతుంది. అంటే పెళ్లినాటికి వేలాడే చర్మం స్థానంలో ఎర్రటి పొడవాటి గీత ఉంటుంది. పైగా బరువు కనీసం ఆరు నెలలు ఒకే చోట నిలిచాకే ఇది చేయాలి. గర్భం వస్తే పొట్ట మళ్లీ సాగుతుంది కాబట్టి, పిల్లలు కావాలనుకునే వాళ్లని కాన్పులయ్యాకే రమ్మంటారు సర్జన్లు. ఈ నాలుగు నెలల్లో, పెళ్లి కోసం, భయంతో చేయించుకోవద్దని నా మాట. తర్వాత మీ కోసం మీరు నిదానంగా ఆలోచించుకుని చేయించుకుంటే అది వేరే సంగతి.

ఆ దురద మాత్రం ఓర్చుకోవాల్సింది కాదు. మడతల్లో చెమట నిలిచి ఫంగస్ పడుతుంది. స్నానం అయ్యాక మెత్తటి నూలు బట్టతో మడత విప్పి పొడిగా అద్దుకోండి. మందుల షాపులో అడిగి ఏదో ట్యూబు తెచ్చుకోకండి. వాటిలో చాలా వాటిల్లో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది, రాసిన నాలుగు రోజులు హాయిగా ఉండి తర్వాత ఇంకా పాకుతుంది, ఉన్న చర్మం పలచబడుతుంది. చర్మం డాక్టరుకు ఒక్కసారి చూపిస్తే తేలిపోతుంది.

అద్దంలో పాత మనిషి కనిపించడం మీ ఒక్కరి సమస్య కాదు. ఒళ్లు ఏడాదిలో మారిపోతుంది, మనసులో ఉన్న బొమ్మ అంత తొందరగా మారదు. నా దగ్గరికి వచ్చే ఇలాంటి వాళ్లు షాపులో ఇప్పటికీ డబుల్ ఎక్సెల్ కుర్తీ చేతిలోకి తీసుకుంటారు, బస్సులో ఖాళీ సీటున్నా పట్టనేమోనని నిలబడతారు. మీరు రోజులో ఎన్నిసార్లు పొట్ట చర్మం పట్టి చూసుకుంటున్నారో రెండు రోజులు గమనించండి. ఇరవై సార్లు ఉంటే వెంటనే సున్నా చేయక్కర్లేదు, స్నానం అయ్యాక ఒక్కసారికి తగ్గించండి. పట్టి చూసిన ప్రతిసారీ అదే పెద్దదిగా కనబడుతుంది. ఆ ఒక్కసారి కూడా "ఛీ" అనే మాట లేకుండా, ఉన్నదున్నట్టు చెప్పుకోండి: పొట్ట కింద మడత ఉంది, నడుముంది, భుజాలున్నాయి. అద్దం ముందే గంటలు పోతుంటే, లేదా దీని వల్ల నలుగురిలోకి వెళ్లడం మానేస్తుంటే సైకాలజిస్టును కలవండి.

ఇప్పుడు అసలు ప్రశ్న, ఎలా చెప్పాలన్నది. ముందు కాగితం మీద రాసుకోండి. మెసేజ్ పంపేయకండి, అది ఎవరి ఫోన్ నుంచి ఎవరి ఫోన్‌కి పోతుందో మన చేతుల్లో ఉండదు. ఇద్దరికీ తీరికున్న సాయంత్రం కలిసో, ఫోన్లోనో చెప్పండి. ఇలా ఉండొచ్చు:

"తాంబూలాలకి ముందు మీకొక విషయం చెప్పాలి. అప్పట్లో నేను 112 కిలోలు ఉండేదాన్ని. జిమ్‌కెళ్లి తగ్గానని మావాళ్లు చెప్పారు కానీ అది నిజం కాదు. కడుపు చిన్నది చేసే ఆపరేషన్ చేయించుకున్నాను. ఇప్పుడు కొంచెం కొంచెంగానే తినగలను, కొన్ని మాత్రలు ఎప్పటికీ వేసుకోవాలి. అంత బరువు తగ్గడంతో పొట్ట మీద, చేతుల కింద చర్మం వదులుగా ఉంటుంది. ఇది మా ఇంట్లో వాళ్లకి తప్ప ఎవరికీ తెలీదు, మీ దగ్గరే ఉంచండి. ఏమడగాలన్నా అడగండి, ఆలోచించుకోవడానికి టైమ్ కావాలంటే తీసుకోండి."

మీరిద్దరూ "నువ్వు" దాకా వచ్చేసి ఉంటే అలాగే మార్చుకోండి. ఇందులో నేను కావాలనే పెట్టని మాటలున్నాయి. లావుగా ఉన్నందుకు, ఆపరేషన్ చేయించుకున్నందుకు "సారీ" లేదు. "చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది" లేదు, అది మీ తీర్పు, అతనిది కాదు. "మీకు నచ్చకపోతే అర్థం చేసుకుంటాను" అని కూడా లేదు, అతను నోరు తెరవకముందే కాదనే మాట మీరే అందించినట్టవుతుంది. "ఇక ఎప్పటికీ లావవ్వను" అని మాటివ్వకండి. రెండో ఏడాది, మూడో ఏడాది కొన్ని కిలోలు వెనక్కి రావడం చాలామందిలో ఉంది, కాన్పు తర్వాత ఇంకొన్ని చేరొచ్చు. "ఆరోగ్యంగానే ఉన్నాను" అనే వాక్యం కలపాలనుంటే ముందు ఆ రక్తపరీక్షల రిపోర్టులు రానివ్వండి.

విన్న వెంటనే అతను కాసేపు మాట్లాడకపోవచ్చు. రెండు రోజులు టైమ్ అడగొచ్చు. దాన్ని కాదనడంగా తీసుకోకండి, రోజూ చేసే ఫోన్ అతనే చేసేదాకా ఆగండి. పాత ఫొటో చూపించమంటే చూపించాలా వద్దా అన్నది మీ ఇష్టం. "సరే, మరి పెళ్లిలోపు ఆ చర్మం తీయించేసుకుంటావా?" అన్నాడనుకోండి, పైన రాసిన కారణాలు చెప్పండి. విని ఊరుకున్నాడా, మళ్లీ మళ్లీ అదే అడుగుతున్నాడా అన్నది గమనించండి. మళ్లీ మళ్లీ అడిగితే తాంబూలాల తేదీ వెనక్కి జరపమని మీ నాన్నగారికి చెప్పడానికి సందేహించొద్దు.

మీ అమ్మగారి మీద కోపం పెట్టుకోకండి. మీరు 112 కిలోలున్న రోజుల్లో ఎంతమంది ఏమన్నారో ఆవిడ విన్నారు, ఆ భయమే ఇప్పుడు మాట్లాడుతోంది. ఆవిడ ఒప్పుకునేదాకా ఆగక్కర్లేదు కానీ, చెప్పబోతున్నారన్న సంగతి మాత్రం ముందే చెప్పండి. "నేను ఆదివారం అతనితో మాట్లాడుతున్నానమ్మా, వాళ్లింట్లో ఎవరైనా నిన్ను అడిగితే అమ్మాయినే అడగండి అను" అంటే చాలు. మగపెళ్లివారి నోటి నుంచి ఆవిడకు తెలియకూడదు.