ఇంటర్వ్యూ రోజే ల్యాబ్ ఎగ్జామ్: టైమ్ మార్చమని ఎలా అడగాలి?

ప్రశ్న: సార్, మా అమ్మాయి బీటెక్ ఫైనలియర్. ఏప్రిల్ 16న ఉదయం 11 గంటలకు ఒక కంపెనీ ఆన్‌లైన్ ఇంటర్వ్యూ ఇచ్చింది. అదే రోజు 10 గంటలకు ల్యాబ్ ఎగ్జామ్ పడింది. టైమ్ మార్చమంటే ఛాన్స్ పోతుందేమోనని భయంగా ఉంది. జ్వరం అని రాయిస్తే నమ్ముతారా? లేక నేనే హెచ్ఆర్‌కి ఫోన్ చేసి మాట్లాడితే మంచిదా, మెయిల్ పెట్టిస్తే మంచిదా? (ఒక తల్లి, ఖమ్మం)

జవాబు: అమ్మా, ముందు ఆ ఫోన్ పక్కన పెట్టండి. ఉద్యోగం చేయబోయేది మీ అమ్మాయి. తల్లి ఫోన్ చేసిందంటే, రేపు క్లయింటుతో మాట్లాడాల్సి వస్తే ఈ పిల్ల ఏం చేస్తుందో అన్న అనుమానం హెచ్ఆర్‌కి వస్తుంది. మెయిల్ కూడా మీరు రాసిపెట్టకండి, తననే రాయనివ్వండి. జ్వరం మాట అసలే వద్దు. పరీక్ష ఉందన్న నిజమే అంతకంటే గట్టి కారణం, చూపించడానికి టైమ్‌టేబుల్ కూడా ఉంది.

టైమ్ మార్చమన్నంత మాత్రాన మామూలుగా ఎవరూ పక్కన పెట్టరు. ఫైనలియర్ పిల్లలకు పరీక్షలుంటాయని ఫ్రెషర్లను తీసుకునే ప్రతి హెచ్ఆర్‌కీ తెలుసు. వాళ్లకు చిరాకు తెప్పించేది ఆఖరి గంటలో చెప్పడం, అసలు చెప్పకుండా మానేయడం. ఇంకోటి, 'ఇంకో రోజు పెట్టండి' అని రాసి ఊరుకోవడం. ఏ రోజు కుదురుతుందని మళ్లీ వాళ్లే అడగాలి, ఈమె జవాబివ్వాలి, ఆ లోపు ప్యానెల్ సార్ల ఖాళీ ఇంకొకరికి వెళ్లిపోతుంది.

ల్యాబ్ పరీక్షలు బ్యాచ్‌లవారీగా జరుగుతాయి కాబట్టి, మధ్యాహ్నం బ్యాచ్‌లోకి మార్చడం కుదురుతుందేమో ఈరోజే హెచ్ఓడీని అడగమనండి. కుదిరితే ఈ మెయిలే అక్కర్లేదు. కుదరదంటే మెయిల్ ఈరోజే పంపేయాలి. ఇంటర్వ్యూ వివరాలు వచ్చిన మెయిల్‌కే రిప్లై ఆల్ కొట్టాలి, కొత్త మెయిల్ మొదలుపెట్టకూడదు. పాత సబ్జెక్టు, అప్లికేషన్ నంబర్ అందులోనే ఉంటాయి, వెతికే పని వాళ్లకు తప్పుతుంది. ఇంగ్లీషులో రాసినా వరుస ఇలా ఉండాలి:

'నమస్కారం మేడమ్. ఏప్రిల్ 16, గురువారం ఉదయం 11 గంటలకు నాకు మొదటి రౌండ్ ఇంటర్వ్యూ ఉంది. అదే రోజు 10 నుంచి 1 వరకు యూనివర్సిటీ ల్యాబ్ పరీక్ష పడింది, టైమ్‌టేబుల్ జతచేశాను. వీలైతే వీటిలో ఒకటి ఇవ్వగలరా: 16 గురువారం మధ్యాహ్నం 2.30 నుంచి 6 లోపు, 17 శుక్రవారం ఉదయం 9.30 నుంచి 1 లోపు, 20 సోమవారం మధ్యాహ్నం 2 నుంచి 5 లోపు. ఇవి కుదరకపోతే మీకు అనుకూలమైన సమయం చెప్పండి, సర్దుకుంటాను. ఇబ్బంది కలిగించినందుకు క్షమించండి.' కింద పేరు, ఫోన్ నంబర్.

మొదటి ఆప్షన్ అదే రోజు మధ్యాహ్నం పెట్టడంలో కిటుకుంది. ప్యానెల్ ఆ రోజు ఇంటర్వ్యూలకే కూర్చుంటుంది కాబట్టి, మధ్యాహ్నం ఇంకో అభ్యర్థితో స్లాటు మార్చడం వాళ్లకు తేలిక. అన్నీ వారం తర్వాతి తేదీలే ఇస్తే, ప్రిపరేషన్‌కు టైమ్ కొంటోందనుకుంటారు. ఒకే ఆప్షన్ ఇస్తే షరతు పెట్టినట్టుంటుంది, 'ఎప్పుడైనా సరే' అంటే వెతికే బరువంతా వాళ్ల మీద పడుతుంది. మూడు చాలు. ప్రతిదానికీ తేదీ, వారం రెండూ రాయాలి. తేదీ పొరపాటు పడితే వారం చూసి పట్టుకుంటారు. క్షమాపణ ఒక్క వాక్యం చాలు. మూడు వాక్యాలైతే అసలు అడిగింది అందులో మునిగిపోతుంది.

ఈమధ్య యూట్యూబ్‌లో చెబుతున్నారని పిల్లలు బుకింగ్ లింకు పంపి 'మీకు నచ్చిన స్లాట్ ఎంచుకోండి' అంటున్నారు. పదిమందితో మీటింగులుండే మేనేజరుకు అది సౌకర్యమే, కాదనను. కానీ మొదటి ఉద్యోగం అడుగుతున్న పిల్ల హెచ్ఆర్‌ని తన క్యాలెండర్లోకి వచ్చి పని చేసుకోమనడం నాకు మింగుడుపడదు. పైగా చాలామంది ఆ లింకులో పరీక్ష వేళల్ని బ్లాక్ చేయడం మరిచిపోతారు, హెచ్ఆర్ ఎంచుకున్న స్లాటు మళ్లీ పరీక్ష మీదే పడుతుంది.

ఇది కాలేజీ పెట్టిన క్యాంపస్ డ్రైవ్ అయితే మాత్రం నేరుగా కంపెనీకి రాయకూడదు. ప్లేస్‌మెంట్ ఆఫీసర్‌కి ఇదే మెయిల్ పంపితే ఆయన మాట్లాడతారు.

ఫోనా, మెయిలా అన్నారు కదా. రోజు కంటే ఎక్కువ టైముంటే మెయిల్ చాలు. ఇంటర్వ్యూకి కొన్ని గంటలే ఉంటే మెయిల్ పంపి, వెంటనే అమ్మాయే ఫోన్ చేసి 'మెయిల్ పంపాను, చూడగలరా' అని చెప్పాలి. పనిరోజు ఒకటి గడిచినా జవాబు రాకపోతే అదే మెయిల్ కింద రెండు వాక్యాల్లో గుర్తుచేయాలి. జవాబు వచ్చేదాకా 11 గంటల స్లాటు రద్దయినట్టు కాదు. కొత్త టైమ్ వచ్చాక 'శుక్రవారం 17, ఉదయం 10 గంటలకు హాజరవుతాను' అని తిరిగి రాసి, కొత్త లింకు వచ్చిందో లేదో చూసుకోవాలి. చాలామంది పాత లింకులోనే కూర్చుని ఎదురుచూస్తుంటారు.