రీలూ కావాలి, సినిమా టీజరూ కావాలి: పెళ్లి షూట్‌లో ఫ్రేము ఏది, క్లిప్పు ఎన్ని సెకన్లు?

"అన్నలూ, ఈమధ్యే పెళ్లిళ్లు తీయడం మొదలుపెట్టాను. ఉన్నది ఒక్కటే కెమెరా, 4కె వస్తుంది. పార్టీవాళ్లు ఇన్‌స్టా రీల్స్ అడుగుతున్నారు, సినిమాలా వెడల్పుగా ఉండే టీజరూ అడుగుతున్నారు. అడ్డంగా తీసి తర్వాత నిలువుగా కోసుకుంటే సరిపోతుందా, రెండూ వేరువేరుగా తీయాలా? ఒక్కో క్లిప్పు ఎన్ని సెకన్లు ఉంచాలి?"

తమ్ముడూ, చాలావరకు కోసుకోవచ్చు. కొన్ని ఘట్టాల్లో మాత్రం కుదరదు. ఆ కుదరనివేవో నేను దెబ్బ తిని తెలుసుకున్నాను.

మొదట్లో నేను పెళ్లి మొత్తం అడ్డంగానే తీసేవాణ్ణి, అదీ ఫుల్ హెచ్‌డీలో. ఒక పెళ్లిలో జీలకర్ర-బెల్లం ఘట్టాన్ని పక్కనుంచి చక్కగా పెట్టాను. ఎడమవైపు అబ్బాయి, కుడివైపు అమ్మాయి, మధ్యలో అడ్డుతెర. టీజర్లో ఆ షాటు బ్రహ్మాండంగా వచ్చింది. అదే షాటును రీలు కోసం నిలువుగా కోస్తే ఫ్రేములో మిగిలింది తెర ఒక్కటే. ఎడమకు జరిపితే అబ్బాయి, కుడికి జరిపితే అమ్మాయి. ఇద్దరూ కలిసి వచ్చే చోటే లేదు. చివరికి ఇద్దర్నీ మార్చి మార్చి చూపిస్తూ ఏదో అతికించి పంపాను. "ఇద్దరికీ వేరువేరుగా పెళ్లయినట్టుందండీ" అన్నాడు పెళ్లికూతురి అన్న. పైగా బొమ్మ మసకగా ఉంది.

ఆ రెండు తప్పులూ లెక్కలోనే కనిపిస్తాయి. 16:9 ఫ్రేము నుంచి 9:16 ముక్క కోస్తే మిగిలే వెడల్పు మూడో వంతు కూడా ఉండదు. ఫుల్ హెచ్‌డీలో ఎత్తు 1080, అందులోంచి వచ్చే నిలువు ముక్క వెడల్పు సుమారు 607 పిక్సెళ్లు. దాన్ని 1080 × 1920 దాకా సాగదీస్తే మసకబారక ఏమవుతుంది? అదే 4కె అయితే 3840 × 2160 నుంచి 1215 × 2160 ముక్క వస్తుంది, రీలుకు కావలసినదానికంటే కాస్త ఎక్కువే. కాబట్టి నీ కెమెరాతో స్పష్టత సమస్య రాదు. ఇబ్బందల్లా వెడల్పుతోనే. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకు 24 మి.మీ. లెన్సు పెట్టి తీసినా, ఆ నిలువు ముక్కలోకి వచ్చే వెడల్పు సుమారు 76 మి.మీ. లెన్సుతో అడ్డంగా తీసినంతే ఉంటుంది. కల్యాణమండపంలో వెనక్కి జరగడానికి నీకు చోటెక్కడిది? వెనక పెద్దముత్తైదువలు, పక్కన ఫొటోగ్రాఫరు, ఆ పక్కన ఫోన్లెత్తిన బంధువులు.

కెమెరానే నిలువుగా తిప్పితే అదే 24 లెన్సుకు సుమారు 43 మి.మీ. అంత వెడల్పు దక్కుతుంది. తేడా చాలా ఉంటుంది. అందుకే ఇద్దరు మనుషులు పక్కపక్కన లేదా ఎదురెదురుగా ఉండే ఘట్టాన్ని కోతకు వదలకుండా, రీలు కోసం విడిగా నిలువుగానే తియ్యి. రెండో కెమెరా లేకపోతే మంచి ఫోను చాలు, తమ్ముడిచేతో అసిస్టెంటుచేతో పట్టించు.

అయితే నిలువుగా పట్టుకున్నంత మాత్రాన సరిపోదు, నిలబడే చోటు కూడా మారాలి. అడ్డం ఫ్రేములో మనుషుల్ని పక్కపక్కన పేరుస్తాం. నిలువులో ఒకరి వెనక ఒకరిని, లేదా పైనా కిందా పేర్చాలి. జీలకర్ర-బెల్లానికి నేనిప్పుడు ఫోనువాణ్ణి అబ్బాయి భుజం వెనక నిలబెడతాను. ముందు అబ్బాయి తల, బాసికం, వాటి మీదుగా అమ్మాయి ముఖం, ఆమె చెయ్యి పైకి లేచి అతని తలమీదికి రావడం, అన్నీ ఆ సన్నటి ఫ్రేములో పట్టేస్తాయి. అదే క్షణంలో నా పెద్ద కెమెరా పక్కనుంచి, అడ్డంగా, టీజర్ కోసం తీస్తుంటుంది.

తలంబ్రాలకు ఈ గొడవే లేదు. బియ్యం పైనుంచి కిందికి పడతాయి, ఆ కదలికే నిలువుది. 4కె అడ్డం నుంచి ఒకరి ముఖం చుట్టూ కోసినా అందంగా వస్తుంది. మంగళసూత్రం కట్టడం కూడా అంతే: పైన అబ్బాయి ముఖం, కింద అమ్మాయి మెడ, మధ్యలో చేతులు. బరాతు, అప్పగింతలు మాత్రం వెడల్పు సరుకు. వాటిని నిలువులోకి ఇరికించకు.

ఇప్పుడు సెకన్ల సంగతి. చాలామంది దీన్ని విడి ప్రశ్నగా చూస్తారు గానీ సమాధానం ఫ్రేము వెడల్పులోనే ఉంది. పెళ్లికొడుకు అడ్డం ఫ్రేములో ఎడమ నుంచి కుడికి నడిచి వెళ్లడానికి 6 సెకన్లు పట్టిందనుకో. అదే షాటును మధ్యలో నిలువుగా కోస్తే అతను 2 సెకన్లలోపే ఫ్రేము దాటేస్తాడు. మిగతా 4 సెకన్లు ఖాళీ మండపం. అడ్డంలో చూసేవాడి కన్ను ఒక మూల నుంచి ఇంకో మూలకు తిరగాలి: మనిషిని చూడాలి, వెనకున్న అరటి చెట్టు చూడాలి, పక్కన నవ్వుతున్న మేనత్తను చూడాలి. దానికి 4 నుంచి 6 సెకన్లు ఇవ్వాల్సిందే. నిలువులో సాధారణంగా చూడడానికి ఉండేది ఒక్కటే వస్తువు. సెకనున్నరలో కన్ను పని అయిపోతుంది, ఆ తర్వాత వేలు పైకి తోసేస్తుంది.

అంటే నిలువు క్లిప్పులన్నీ చిన్నవే ఉండాలని కాదు. పైకో కిందికో ఏదో జరుగుతూనే ఉంటే ఎంతసేపైనా నిలుస్తుంది. మూడు ముళ్లు పడటం ఒకే షాటులో 9 సెకన్లు ఉంచిన రీలు నా దగ్గరుంది, మధ్యలో ఒక్క కోత లేదు, అది అందరికీ నచ్చింది. ఎడిటింగ్‌లో నేను చూసుకునేది ఒక్కటే: చప్పుడు ఆపేసి క్లిప్పు చూస్తాను. ఏ క్షణంలో ఫ్రేములో కొత్తగా ఏదీ జరగడం ఆగిపోయిందో అక్కడ కోస్తాను.

ఈమధ్య తీసిన ఒక జీలకర్ర-బెల్లం రీలు కొలతలు చెప్తాను, నీకు అంచనా వస్తుంది. మొదటి 2 సెకన్లు తెర అంచు పైనుంచి కనిపించే అమ్మాయి కళ్లు. ఆ తర్వాత సెకనున్నర చొప్పున నాలుగు: తమలపాకులో జీలకర్ర-బెల్లం ముద్ద, పంతులుగారి చెయ్యి, తెర పట్టుకున్న మేనమామ, డోలు మీద పడే కర్ర. గట్టిమేళం అందుకోగానే తెర దిగడం, 4 సెకన్లు, కోత లేదు. భుజం వెనక నుంచి తలమీద చేతులు పెట్టడం 5 సెకన్లు. మళ్లీ సెకనున్నర చొప్పున మూడు ముఖాలు: అమ్మ, నాన్న, తాతయ్య. పైనుంచి అక్షింతలు మూడున్నర సెకన్లు. చివర ఇద్దరి నవ్వు 3 సెకన్లు. మొత్తం 12 షాట్లు, 28 సెకన్లు. ఇదే ఘట్టం టీజర్లో ఒక్కటే షాటు: పక్కనుంచి, స్టాండు మీద, 9 సెకన్లు. తెర దిగుతుంది, రెండు చేతులు ఒకేసారి లేస్తాయి. దాన్ని ముక్కలు చేస్తే పోతుంది.

టీజరు మొత్తం 3 నిమిషాలు అనుకుంటే, సగటున నాలుగున్నర సెకన్ల చొప్పున 40 షాట్లు చాలు. తీసేటప్పుడు మాత్రం ప్రతి అడ్డం షాటూ కనీసం 10 సెకన్లు కదలకుండా పట్టుకో. మొదట్లో, చివర్లో రెండేసి సెకన్లు చెయ్యి వణుకుకే పోతాయి. తలంబ్రాల్లాంటివి సెకనుకు 50 ఫ్రేములతో తీసి 25 టైమ్‌లైన్లో వేస్తే నిడివి రెట్టింపవుతుంది, 3 సెకన్ల చల్లుడు 6 అవుతుంది. టీజర్‌కు అది వరం, రీల్లో అది మొత్తం వాడితే సాగదీసినట్టుంటుంది. మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 25, 50 ఫ్రేముల్లోనే ఉండు, మండపం లైట్లు మినుకుమినుకుమనవు.

రీలు ఎంతసేపు ఉండొచ్చు అంటే, ఇన్‌స్టాలో 2025 జనవరి నుంచి, యూట్యూబ్ షార్ట్స్‌లో 2024 అక్టోబరు నుంచి 3 నిమిషాల దాకా పెట్టుకోవచ్చు. ఉంది కదా అని నింపకు. ఒక రీలుకు ఒక ఘట్టం, 25 నుంచి 40 సెకన్లు. నాలుగు ఘట్టాలుంటే నాలుగు రీల్స్ ఇవ్వు, పార్టీకి కూడా అవే ఎక్కువ ఇష్టం.

టీజరు పైనా కిందా నల్లపట్టీల గురించి కూడా చెప్పాలి. 1974లో వచ్చిన "అల్లూరి సీతారామరాజు" తెలుగులో తొలి సినిమాస్కోప్ సినిమా. అప్పటినుంచీ మనవాళ్లకు వెడల్పు అంటేనే పెద్ద సినిమా. అందుకే "పట్టీలు వెయ్యండి" అంటారు. వెయ్యి గానీ, తీసేటప్పుడే ఆ కోత మనసులో పెట్టుకో. 3840 × 2160 నుంచి 3840 × 1600కి దిగితే పైనా కిందా కలిపి 560 పిక్సెళ్లు, అంటే ఎత్తులో పావువంతు పోతుంది. నేనోసారి పూలజడ, పాపిటబిళ్ల అన్నీ ఫ్రేము అంచుకు ఆనించి తీసి, ఎడిటింగ్‌లో అమ్మాయి నడినెత్తి ఎగరగొట్టాను. ఇంకో జాగ్రత్త: యూట్యూబ్‌కు ఇచ్చే ఫైల్లో పట్టీలు కలిపేయకు, 3840 × 1600 గానే ఎక్స్‌పోర్ట్ చెయ్యి. పట్టీలు కలిపి 16:9గా ఇస్తే పొడుగు ఫోన్లలో నాలుగువైపులా నలుపు వచ్చి బొమ్మ చిన్నదైపోతుంది. ఆ వెడల్పు టీజర్నే తెచ్చి రీలుగా పెట్టడం అన్నిటికన్నా వృథా, నిలువు తెరలో అది పావువంతు కూడా ఆక్రమించదు.

చివరగా రీల్లో పేర్లు, ముహూర్తం రాసే చోటు. రీల్స్ ప్రకటనలకు మెటా చెప్పే కొలత ప్రకారం పైన 14 శాతం, కింద 35 శాతం, పక్కల 6 శాతం చొప్పున ఖాళీ వదలాలి. 1920 ఎత్తులో అది పైన 270, కింద 670 పిక్సెళ్లు. కింద అంతా అని ఆశ్చర్యపోకు, క్యాప్షను, పాట పేరు అక్కడే కూర్చుంటాయి. నేను ఒక రీల్లో జంట పేర్లు అందంగా అడుగున రాశాను, పోస్టు చేశాక ఒక్క అక్షరం కనబడలేదు. ముఖాలు కూడా ఆ మధ్య భాగంలోనే ఉండేలా చూసుకో.

కెమెరా మెనూలో ఫ్రేమ్ గైడు ఉంటే 9:16 పెట్టుకో. లేకపోతే నేను చేసినట్టు చెయ్యి: స్క్రీను వెడల్పు మూడు భాగాలు చేసి, మధ్య భాగానికి రెండువైపులా సన్నటి టేపు అంటించు. ముఖం ఆ టేపు దాటిందంటే ఆ షాటు టీజర్‌కు మాత్రమే అని అక్కడికక్కడే తెలుస్తుంది, ఫోనువాణ్ణి కేకెయ్యడానికి టైముంటుంది.